సున్నాలను ఎంతవరకు కూడవచ్చు?

0కీ 1కీ మధ్య ఒక వాస్తవ సంఖ్యను యాదృచ్ఛికంగా ఎంచుకున్నామనుకోండి. ఏ చోటికీ ప్రత్యేకమైన మొగ్గు లేదు. రేఖ మీద ఏ ముక్కలో పడే సంభావ్యత అయినా ఆ ముక్క పొడవుకు సమానం. అలా వచ్చిన సంఖ్య అకరణీయ సంఖ్య, అంటే రెండు పూర్ణ సంఖ్యల భిన్నంగా రాయగలిగేది, అయ్యే సంభావ్యత ఎంత? జవాబు సున్నా. చాలామంది దీన్ని వెంటనే నమ్మరు, నమ్మకపోవడంలో న్యాయమూ ఉంది. రేఖలో ఎంత చిన్న ముక్క తీసుకున్నా అందులో అనంతంగా భిన్నాలు దొరుకుతాయి మరి.

ముందు ఒక్క సంఖ్యను చూద్దాం. ఎంచుకున్నది సరిగ్గా 1/2 కావాలంటే అది 0.49కీ 0.51కీ మధ్య పడాలి. దానికి సంభావ్యత 0.02. 0.499కీ 0.501కీ మధ్య కూడా పడాలి, దానికి 0.002. ఇలా ముక్కను ఎంతైనా కుదించవచ్చు కాబట్టి 1/2 వచ్చే సంభావ్యత సున్నా తప్ప మరొకటి కాలేదు. 3/7కైనా అంతే.

ఇప్పుడు భిన్నాలన్నిటినీ ఒక వరుసలో పెడదాం. హారం 1 ఉన్నవి 0, 1. తర్వాత 1/2. ఆపైన 1/3, 2/3. హారం 4 దగ్గర 2/4 ఇదివరకే వచ్చింది కనుక వదిలేసి 1/4, 3/4 రాస్తాం. ఈ పద్ధతిలో 3/7 సరిగ్గా 16వ స్థానంలో వస్తుంది. ప్రతి భిన్నానికీ ఇలాగే ఒక వరుస సంఖ్య ఉంటుంది, ఏదీ మిగిలిపోదు.

1933లో కోల్మొగొరోవ్ సంభావ్యతకు వేసిన పునాదిలో ఉన్న నియమం ఇక్కడే పనికొస్తుంది. పరస్పర వర్జిత ఘటనలను ఒకటి, రెండు, మూడు అంటూ వరుసలో పెట్టగలిగితే, అవి అనంతమైనా సరే, వాటిలో ఏదో ఒకటి జరిగే సంభావ్యత విడివిడి సంభావ్యతల మొత్తమే. మన వరుసలో ప్రతి పదమూ సున్నా, మొత్తమూ సున్నా.

ఇది గారడీలా కనిపిస్తే అదే లెక్కను పొడవులతో చేయండి. వరుసలో మొదటి భిన్నం మీద 0.09 పొడవున్న ముక్క కప్పండి. రెండోదాని మీద 0.009, మూడోదాని మీద 0.0009, అలా సాగిపోండి. ప్రతి భిన్నమూ తన ముక్క కింద ఉంటుంది. ముక్కల పొడవులన్నీ కూడితే 0.0999..., అంటే 0.1. రేఖంతా పరుచుకున్న భిన్నాలను పదో వంతు గుడ్డతో కప్పేశాం. 0.09 బదులు 0.0009తో మొదలుపెడితే వెయ్యో వంతే చాలు. ఇంకా తగ్గించవచ్చు, ఎక్కడా అడ్డు లేదు.

నాకు ఇందులో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది మిగిలిపోయిన భాగం. దాని కొలత కనీసం 0.9. అయినా అందులో ఎంత చిన్న ముక్కా లేదు, ఎందుకంటే ముక్క అంటూ ఉంటే అందులో ఒక భిన్నం ఉండేది, దాన్ని మనం కప్పేసి ఉండేవాళ్లం. పరిమితమైనన్ని ముక్కలతో ఈ పని జరగదు. వేయి ముక్కలు కప్పినా, కోటి కప్పినా, మొత్తం పొడవు 1కి తక్కువైతే ఎక్కడో ఒక ఖాళీ ముక్క తప్పక మిగులుతుంది, దాని నిండా భిన్నాలే. అందుకే పరిమిత మొత్తాలకే కట్టుబడిన పాత కొలత పద్ధతి భిన్నాల సమితికి పొడవు చెప్పలేక చేతులెత్తేసింది. 1898లో ఎమిల్ బోరెల్ అనంతమైన వరుసలను కూడా కూడుతూ కొలతను నిర్వచించాక ఆ చిక్కు వీడింది.

అయితే కూడిక ఇంకా ముందుకు ఎందుకు పోకూడదు? 0 నుంచి 1 వరకు ఉన్న అన్ని వాస్తవ సంఖ్యల సున్నాలనూ కూడేద్దామంటే, ఏదో ఒక సంఖ్య వచ్చే సంభావ్యత సున్నా అని తేలుతుంది. అది 1 కదా! ఈ వైరుధ్యం నుంచి మనల్ని కాపాడేది 1874లో కాంటర్ నిరూపించిన సంగతి: వాస్తవ సంఖ్యలన్నిటినీ ఏ వరుసలోనూ పెట్టలేం. నియమం వరుసలకే పరిమితం కనుక అది ఇక్కడ వర్తించదు. ప్రతి ఒక్క సంఖ్యకూ సంభావ్యత సున్నాయే అయినా ఏదో ఒకటి వచ్చి తీరుతుంది. కాబట్టి ఇక్కడ సున్నా అంటే అసాధ్యమని కాదు.

దీన్ని కంప్యూటర్‌లో పరీక్షిద్దామనుకునేవారికి ఒక హెచ్చరిక. పైథాన్‌లో `random.random()` ఇచ్చే ప్రతి సంఖ్యా ఏదో ఒక పూర్ణ సంఖ్యను 2^53తో భాగిస్తే వచ్చేదే, అంటే అకరణీయమే. అక్కడ మనం అడిగిన సంభావ్యత 1. ఆ పట్టీలో ఉన్న సంఖ్యలు పరిమితం, ఒక్కోదానికీ సంభావ్యత 1/2^53. అది చాలా చిన్నదే గానీ సున్నా కాదు.