ముందు బండి, తర్వాత పిలుపు

‘ఈ ఆదివారం ఉదయం మన వార్డులో స్వచ్ఛత కార్యక్రమం. అందరూ పాల్గొని విజయవంతం చేయగలరు.’ వార్డు వాలంటీర్లు పంపే పిలుపులు చాలావరకు ఇలాగే ఉంటాయి. కింద దండాల బొమ్మలు, చప్పట్ల బొమ్మలు బోలెడు పడతాయి. తెల్లారి చూస్తే చీపురు పట్టుకుని వచ్చేది నలుగురైదుగురే. జనానికి శ్రద్ధ లేదని వాలంటీరు నొచ్చుకుంటాడు. నన్నడిగితే లోపం ఆ పిలుపులోనే ఉంది. ఎక్కడికి రావాలో, ఏం పట్టుకురావాలో, ఎన్నింటికి ఇల్లు చేరొచ్చో అందులో ఒక్క ముక్కా లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీరు అనగానే 2019 ఆగస్టు 15న మొదలై, ఇంటింటికీ పింఛన్లు పంచిన వ్యవస్థే గుర్తొస్తుంది. 2024 ఎన్నికల తర్వాత అది నిలిచిపోయింది. వీధి శుభ్రం చేద్దామని ఇరుగుపొరుగును పిలిచే పని మాత్రం ఆగలేదు. ఇప్పుడా పని కాలనీ సంఘం కుర్రాళ్లో, పొదుపు సంఘం లీడర్లో చేస్తున్నారు. 2025 జనవరి నుంచి ఆ రాష్ట్రంలో ‘స్వర్ణాంధ్ర – స్వచ్ఛాంధ్ర’ పేరుతో ప్రతి నెలా మూడో శనివారం ఈ పనికే కేటాయించారు. తేదీ వెతుక్కునే పని తప్పింది. మిగతాదంతా పిలిచేవాళ్ల మీదే ఉంది.

వార్డు మొత్తం ఊడుస్తామంటే ఏదీ పూర్తికాదు. ఒక్క కుప్పను ఎంచుకోవాలి. ప్రతి వార్డులో ఒక ట్రాన్స్‌ఫార్మర్ కిందో, ఖాళీ స్థలం గోడ పక్కనో, కాలువ మలుపులోనో అలాంటిదొకటి ఉంటుంది. మాట వరసకు 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, సగటున అర మీటరు ఎత్తున్న కుప్ప అనుకుందాం. అంటే 3 ఘనపు మీటర్లు, 3,000 లీటర్ల చెత్త. గమేళాకు 15 లీటర్లు పడుతుందనుకుంటే 200 గమేళాలు. తడీ పొడీ కలిసిన చెత్త గనక ఒక్కో గమేళా ఆరేడు కిలోలు తూగుతుంది. ఇద్దరు పారలతో నింపి, ఆరుగురు మోస్తే మనిషికి 33, 34 ట్రిప్పులు. మధ్యలో ఊపిరి తీసుకున్నా గంటన్నరలో అయిపోతుంది. కాలువ పక్కన ఊడ్చేవాళ్లు, మంచినీళ్లు అందించేవాళ్లు కలిపి పన్నెండు మంది చాలు. ‘అందరూ రండి’ అంటే ఎవరికి వారు పక్కింటివాళ్లు వెళ్తారులే అనుకుంటారు. ‘పన్నెండు మంది కావాలి, ఏడుగురం ఉన్నాం’ అంటే మిగిలిన ఐదుగురు తేలిగ్గానే దొరుకుతారు.

మనుషులకంటే ముందు ఖాయం చేసుకోవాల్సింది బండిని. ఈ కార్యక్రమాలు ఎక్కువగా చెడేది ఇక్కడే. పొద్దున్నే చెమటోడ్చి చెత్తంతా గోతాల్లో నింపుతారు, కాలువ పూడిక తీసి గట్టున పోస్తారు, ఫొటో దిగి ఇళ్లకు పోతారు. బండి రాదు. మధ్యాహ్నానికి కుక్కలు గోతాలు చింపుతాయి. వాన పడితే గట్టు మీది పూడిక తిరిగి కాలువలోకే జారుతుంది. అందుకే మూడు నాలుగు రోజుల ముందే వార్డు శానిటేషన్ సెక్రటరీని కలవాలి. తెలంగాణ పట్టణాల్లోనైతే శానిటరీ ఇన్‌స్పెక్టర్‌నో, జవాన్‌నో కలవాలి. ట్రాక్టర్ ఎన్నింటికొస్తుంది, పూడిక కూడా ఎత్తుకెళ్తుందా, డ్రైవర్ నంబరేంటి అని అడిగి రాసుకోవాలి. ఆదివారం మనకు తీరికే గానీ, ఆ రోజు పారిశుద్ధ్య సిబ్బంది తక్కువగా ఉండొచ్చు. బండి కుదరని రోజు పిలుపు ఇవ్వకపోవడమే మేలు.

అలా ఖాయం చేసుకున్నాక పిలుపు ఇలా రాయొచ్చు.

‘మన వీధి అక్కలకు, అన్నలకు, పెద్దలకు నమస్కారం. శనివారం పొద్దున ఆరున్నరకు పాల బూత్ పక్కనున్న చెత్త కుప్ప తీసేద్దాం. ఎనిమిదింటికి ట్రాక్టర్ వస్తుంది, ఎనిమిదిన్నరకల్లా ఇళ్లకు వెళ్లిపోవచ్చు. పన్నెండు మంది కావాలి, ఏడుగురం ఉన్నాం. పారలు రెండు దొరికాయి, గమేళాలు ఇంకో మూడు కావాలి. బూట్లు వేసుకుని రండి, గ్లౌజులు మేం తెస్తాం. పిల్లల్ని కుప్ప దగ్గరికి తీసుకురావద్దు. రాలేనివాళ్లు ఒక క్యాను మంచినీళ్లు పంపినా చాలు.’

ఇందులో నినాదం ఒక్కటీ లేదు. పిల్లల్ని వద్దనడం కొందరికి నచ్చకపోవచ్చు. ఫొటోలకు పిల్లలుంటే బాగుంటుందని అంటారు కూడా. కుప్పలో పగిలిన సీసాలుంటాయి, ఇన్సులిన్ సూదులుంటాయి, డైపర్లుంటాయి. పెద్దలు కూడా చేయి పెట్టకుండా పారతోనే తీయాలి. సూదులు, గాజు పెంకులు మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, అదేమిటో చెప్పి కార్మికుల చేతికివ్వాలి. కాలువ పూడిక గట్టున నిలబడే తీయాలి. ఎంత ఉత్సాహమున్నా మ్యాన్‌హోల్ మూత ఎత్తి దిగకూడదు. లోపలి విషవాయువు ఒక్క నిమిషంలో మనిషిని పడగొడుతుంది. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని అందులోకి దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం కూడా.

కుప్ప ఎత్తేటప్పుడు దాన్ని చదవడం నేర్చుకోవాలి. నిజానికి ఆ పొద్దుటి పనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే. పైపొరలో కొబ్బరి చిప్పలు, పేపర్ ప్లేట్లు, ఇడ్లీలు ఎక్కువగా ఉంటే అది టిఫిన్ సెంటర్ చెత్త. వెంట్రుకలుంటే సెలూన్‌ది. ముడి వేసిన చిన్న చిన్న కవర్లలో కూరగాయ తొక్కలుంటే ఇళ్ల నుంచి వచ్చింది. అలాంటి కవర్లే ఎక్కువైతే, చెత్త బండి వచ్చే వేళకు ఆ ఇళ్లలో మనుషులు ఉండటం లేదని అర్థం. భార్యాభర్తలిద్దరూ ఏడింటికే పనికి పోయే ఇంటికి తొమ్మిదింటికి బండి వస్తే ఏం లాభం? వాళ్లు కవరు ముడేసి, దారిలో విసిరి పోతారు. వాళ్లకు బోర్డు పెట్టి, జరిమానా అని బెదిరించి ప్రయోజనం లేదు. బండి వేళ మార్పించాలి, లేదా పక్కింటివాళ్లు వాళ్ల బకెట్ అందుకునేలా ఒప్పించాలి. టిఫిన్ సెంటర్‌కు మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి. రోజుకు నాలుగు బకెట్లు వచ్చేచోట, విడిగా పట్టుకెళ్లే ఏర్పాటు వాళ్లే మున్సిపాలిటీతో మాట్లాడుకోవాలి.

కుప్ప తీసిన చోట సున్నం, బ్లీచింగ్ చల్లి తెల్లగా గీత గీయడం మనకు అలవాటు. కాసేపు వాసన తగ్గుతుంది, అంతే. ఎండిన నేల మీది బ్లీచింగ్‌తో దోమలు పోవు. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ మన ఇళ్లలోని డ్రమ్ములు, కూలర్లు, పూలకుండీల కింది పళ్లేల్లో గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకే వారానికొకసారి, శుక్రవారం డ్రైడే పాటించి, నీళ్లు పారబోయమంటారు. నెలకోసారి వీధి ఊడ్చి ‘దోమలు లేని వార్డు’ అని పిలుపులో రాస్తే అది అబద్ధమే అవుతుంది.

ఇక తర్వాతి వారం. ఖాళీ అయిన చోట మర్నాడు ఒక్క కవరు కనిపించినా వెంటనే తీసేయాలి. అది సాయంత్రం దాకా ఉంటే పక్కన ఇంకోటి చేరుతుంది, నాలుగో రోజుకు కుప్ప మళ్లీ తయారు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకు, రాత్రి తొమ్మిది తర్వాత ఎవరో ఒకరు ఆ మూలన నిలబడాలి. పోట్లాడటానికి కాదు. ‘అక్కా, బండి మీ వీధికి ఎన్నింటికి వస్తోంది?’ అని అడగడానికి. ఈ కాపలా పేర్లు కూడా శనివారం పిలుపుతోపాటే రాసుకుంటే మంచిది. కుప్ప ఎత్తినరోజు దొరికినంత మంది ఆ తర్వాత దొరకరు.

మూడో శనివారం దగ్గరపడితే, పిలుపు రాసే ముందు ట్రాక్టర్ డ్రైవర్‌కు ఒక ఫోన్ చేయండి.