మూడో బంధం చెప్పని సంగతి

1953 ఫిబ్రవరి ఆఖరి రోజులు. కేంబ్రిడ్జిలోని కావెండిష్ లాబొరేటరీలో జేమ్స్ వాట్సన్ బల్ల నిండా అట్టముక్కలు పరుచుకున్నాడు. వర్క్‌షాపు నుంచి రావలసిన రేకు ముక్కలు ఇంకా రాలేదు. అంతదాకా ఆగలేక అట్టనే కత్తిరించి అడెనిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్ అనే నాలుగు క్షారాల ఆకారాలు తయారుచేసుకున్నాడు. ఏది దేని పక్కన ఇముడుతుందో పెట్టి తీసి చూస్తున్నాడు.

అంతకు కొద్ది రోజుల ముందు అతను ఒక తప్పుదారిలో ఉన్నాడు. పాఠ్యపుస్తకాల్లో గ్వానిన్, థైమిన్‌ల బొమ్మల్లో హైడ్రోజన్ పరమాణువులు ఉండరాని చోట గీసి ఉండేవి. వాటినే నమ్మి, ప్రతి క్షారాన్నీ దాని సాటిదానితోనే జతకట్టాడు. అదే గదిలో కూర్చునే రసాయన శాస్త్రజ్ఞుడు జెర్రీ డోనహ్యూ ఆ బొమ్మలు తప్పని చెప్పాడు. హైడ్రోజన్లను సరైన చోటికి మార్చేసరికి అట్టముక్కలు వేరే కథ చెప్పాయి. అడెనిన్ పక్కన థైమిన్ పెడితే వచ్చే ఆకారం, గ్వానిన్ పక్కన సైటోసిన్ పెడితే వచ్చే ఆకారం కొలతకు కొలత సరిపోయాయి. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎర్విన్ ఛార్గాఫ్ అప్పటికే ఒక లెక్క తేల్చి ఉన్నాడు. ఏ జీవి డీఎన్ఏలో చూసినా అడెనిన్ ఎంతో థైమిన్ దాదాపు అంతే, గ్వానిన్ ఎంతో సైటోసిన్ దాదాపు అంతే. ఆ సమానత్వానికి కారణం ఇప్పుడు బల్ల మీద కనిపించింది.

ఈ కొలత సరిపోవడంలోనే నిర్మాణమంతా ఉంది. అడెనిన్, గ్వానిన్‌లు రెండేసి వలయాలున్న పెద్ద క్షారాలు. థైమిన్, సైటోసిన్‌లు ఒక్క వలయంతో చిన్నవి. రెండు పెద్దవి ఎదురుపడితే తాడు అక్కడ ఉబ్బుతుంది, రెండు చిన్నవి ఎదురుపడితే నొక్కుకుపోతుంది. పెద్దదానికి చిన్నది జతపడితేనే వెడల్పు అంతటా ఒకటే. రెండు రకాల జంటల్లోనూ చక్కెరలకు అతుక్కునే రెండు కొనల మధ్య దూరం సుమారు 1.05 నానోమీటర్లు. అందుకే క్షారాలు ఏ వరసలో వచ్చినా రెండు నానోమీటర్ల మందమున్న ఆ జంట సర్పిలం ఎక్కడా వంకరపోదు. జంటలు మెట్లలా ఒకదానిమీద ఒకటి 0.34 నానోమీటర్ల ఎడంతో పేర్చుకుంటూ, సుమారు పది మెట్లకు ఒక చుట్టు తిరుగుతాయి. ఆ ఎడం, ఆ చుట్టు, చక్కెర–ఫాస్ఫేటు వెన్నులు బయటి వైపే ఉండటం ఇవన్నీ లండన్ కింగ్స్ కాలేజీలో రోజలిండ్ ఫ్రాంక్లిన్ తీసిన ఎక్స్‌రే కొలతల్లోంచి వచ్చినవే. ఆ కొలతలు లేకపోతే అట్టముక్కలు ఉత్త ఆటగానే మిగిలేవి.

ఒక చిన్న వంకర మాత్రం మిగిలింది, అది చాలా పనికొచ్చే వంకర. జంటలోని రెండు క్షారాలు చక్కెరలను సరిగ్గా ఎదురెదురుగా పట్టుకోవు. రెండూ ఒక పక్కకే జరిగి పట్టుకుంటాయి. అందుకని మెట్టుకు ఒక అంచు వెడల్పుగా, ఇంకో అంచు ఇరుకుగా వస్తుంది. మెట్లు తిరుగుతూ పైకి వెళ్లేకొద్దీ ఈ అంచులే రెండు గాడులవుతాయి. పెద్దగాడి వెడల్పు సుమారు 2.2 నానోమీటర్లు, చిన్నగాడిది 1.2. పెద్దగాడిలోంచి తొంగిచూస్తే అక్కడున్నది ఏ జంటో, అది ఏ వైపు తిరిగి ఉందో కూడా తెలుస్తుంది. తాడు విప్పకుండానే అక్షరాలు చదవాల్సిన ప్రొటీన్లు ఎక్కువగా తమ వేలిని దూర్చేది అక్కడే. చిన్నగాడిలో అంత వివరం కనిపించదు. కానీ ఒక గుర్తు స్పష్టంగా ఉంటుంది. గ్వానిన్‌కున్న ఒక అమైనో గుంపు ఆ గాడిలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. అడెనిన్‌కు అది లేదు. అందుకే కణ కేంద్రకాలను నీలంగా వెలిగించే డాపీ అనే రంగు, అడెనిన్–థైమిన్ జంటలున్న చోట చిన్నగాడిలో హాయిగా ఒదుగుతుంది. గ్వానిన్ ఉన్న చోట ఆ అమైనో గుంపు దానికి అడ్డం తగులుతుంది.

ఆ గుంపును గుర్తుంచుకోండి, ఎందుకంటే మూడో బంధం దానిదే. వాట్సన్, అతని సహచరుడు క్రిక్ 1953లో రెండు రకాల జంటలకూ రెండేసి హైడ్రోజన్ బంధాలే గీశారు. గ్వానిన్ అమైనో గుంపు నుంచి సైటోసిన్ ఆక్సిజన్‌కు మూడోది కూడా ఉందని 1956లో లైనస్ పౌలింగ్, రాబర్ట్ కోరీ చూపించారు.

ఆ తర్వాత మూడేళ్లకు హార్వర్డ్‌లో జూలియస్ మార్మర్, పాల్ డోటీ డీఎన్ఏను వేడిచేసి చూశారు. డీఎన్ఏ ద్రావణాన్ని ఒక చిన్న స్ఫటికపు గిన్నెలో పోసి, దానిగుండా 260 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని పంపుతూ మెల్లగా వేడి పెంచాలి. పేటలు కలిసి ఉన్నంతసేపూ అది పీల్చుకునే కాంతి దాదాపు మారదు. ఒక దశలో గీత నిట్టనిలువుగా లేస్తుంది. కాసేపట్లో కాంతి పీల్చుకోవడం సుమారు 40 శాతం పెరిగి మళ్లీ నిలబడిపోతుంది. పేటలు విడిపోయాయన్నమాట. ఆ లేచే గీతకు సగం ఎత్తులో ఉండే ఉష్ణోగ్రతను కరిగే ఉష్ణోగ్రత అంటారు. మంచు కరిగినట్టు ఇక్కడ ఏదీ ద్రవం కాదు, కానీ కొన్ని డిగ్రీల్లోనే అంతా ఒక్కుమ్మడిగా విడిపోతుంది కనుక ఆ పేరు నిలిచింది.

రకరకాల బాక్టీరియాల డీఎన్ఏలను ఇలా కరిగించి, ఒక్కోదాని గ్వానిన్–సైటోసిన్ వాటాకు ఎదురుగా ఆ ఉష్ణోగ్రతను గుర్తుపెడితే చుక్కలు ఒక సరళరేఖ మీద పడ్డాయి. రక్తానికి దగ్గరగా ఉండే ఉప్పు మోతాదులో ఆ రేఖ ఇది:

```
Tm = 69.3 + 0.41 × (GC %)
```

న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్‌లో ఆ వాటా 39 శాతం, అంటే 85 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన పేగుల్లో ఉండే ఇ. కోలైలో 50 శాతం, కరిగేది 90 దగ్గర. మైక్రోకాకస్‌లో 72 శాతం, అది దాదాపు 99 దాకా తట్టుకుంటుంది.

ఎందుకిలా అని అడిగితే, మూడు బంధాలు రెండిటికన్నా గట్టివి కనుక అని జవాబు. నేనూ అదే చదువుకున్నాను, అదే చెప్పాను. చాలా ఏళ్లు అందులో లోటు కనిపించలేదు. దాన్ని తప్పనను. కానీ అది అసలు బరువు మోసేదాన్ని పక్కన పెట్టేస్తుంది.

పేటలు విడిపోయినప్పుడు హైడ్రోజన్ బంధాలకు ఏమవుతుందో ఆలోచించండి. చుట్టూ ఉన్నది నీళ్లు. జంట వదిలిన ప్రతి క్షారం వెంటనే నీటి అణువులతో అలాంటి బంధాలే కట్టుకుంటుంది. జంటలో ఉన్న బంధం పోయి నీటితో బంధం వచ్చింది. నికరంగా పోయింది కొద్దే. మరి పోయేదేమిటి? విస్తరాకుల కట్టలా ఒకదానిమీద ఒకటి ఒత్తుకుని ఉన్న ఆ చదునైన క్షారాల పేర్పు. వాటి బల్లపరుపు ముఖాలకు నీళ్లంటే పడదు, పక్క మెట్టు ముఖాన్నే అంటిపెట్టుకుంటాయి. వేడికి కట్ట చెదిరితే ఆ ముఖాలన్నీ నీళ్లలో బయటపడతాయి. మార్మర్, డోటీ చూసిన 40 శాతం కాంతి కూడా ఈ పేర్పు సంగతే. పేర్చి ఉన్న క్షారాలు ఒకదాన్నొకటి ప్రభావితం చేసుకుని కాంతిని తక్కువ పీలుస్తాయి, విడివిడిగా ఉంటే ఎక్కువ. అంటే ఆ యంత్రం కొలిచింది బంధాలు తెగడాన్ని కాదు, కట్ట చెదరడాన్ని.

ఈ రెండిటి వాటాలను విడదీసి కొలవడం బోస్టన్ విశ్వవిద్యాలయంలో మాక్సిమ్ ఫ్రాంక్-కామెనెట్‌స్కీ బృందం చేసింది. ఒక పేటను ఒక్కచోట తెంపి వదిలేశారు. తెగిన చోట రెండు మెట్లు అంటుకుని ఉంటే తాడు నిటారుగా ఉంటుంది, జెల్‌లో వేగంగా జారుతుంది. అంటు వదిలితే అక్కడ మడత పడి నెమ్మదిస్తుంది. ఎంత నెమ్మదించిందో చూసి ఆ రెండు మెట్ల మధ్య పేర్పు బలం లెక్కగట్టారు. మొత్తం బలంలోంచి దాన్ని తీసేస్తే మిగిలేది జతకట్టడం ఇచ్చే బలం. 2006లో వాళ్లు ప్రకటించిన ఫలితం నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. సర్పిలాన్ని నిలబెట్టేది ప్రధానంగా పేర్పే. గ్వానిన్–సైటోసిన్ జతకట్టడం వల్ల వచ్చే బలం దాదాపు ఏమీ లేదు. అడెనిన్–థైమిన్ జత అయితే కొంచెం విడదీసే వైపే లాగుతోంది. ఈ లెక్కలోనూ గ్వానిన్ జంటదే పైచేయి, అంటే మూడో బంధం ఊరికే లేదు. కానీ నిలబెట్టేది అది కాదు.

జెల్ అవసరం లేకుండా కాగితం మీదే దీన్ని చూడొచ్చు. ఈ రెండు చిన్న ముక్కలు తీసుకోండి. ఒక్కో పేటనే రాశాను, ఎదుటి పేట దాని జతగా ఉంటుంది:

```
GGTATAGG
GCAAAACG
```

రెండిట్లోనూ నాలుగు గ్వానిన్–సైటోసిన్ జంటలు, నాలుగు అడెనిన్–థైమిన్ జంటలు. రెండిట్లోనూ ఇరవై హైడ్రోజన్ బంధాలు. ల్యాబుల్లో చటుక్కున వేసే లెక్క ఒకటుంది: అడెనిన్–థైమిన్ జంటకు రెండు డిగ్రీలు, గ్వానిన్–సైటోసిన్‌కు నాలుగు. ఆ లెక్కలో రెండూ 24 డిగ్రీలే. బంధాలే సర్వస్వమైతే రెండూ ఒకేలా ఉండాలి.

ఇప్పుడు జంటలను కాక, పక్కపక్క మెట్లను లెక్కపెడదాం. జాన్ సాంటాలూసియా 1998లో ఒకచోట చేర్చిన పట్టికలో ప్రతి పక్కపక్క జోడుకూ ఒక విలువ ఉంది. మోల్‌కు ఇన్ని కిలోకాలరీలని, 37 డిగ్రీల దగ్గర. `GC` వరసకు −2.24, `GG`కి −1.84, `AA`కు −1.00, `AT`కి −0.88, `TA`కు కేవలం −0.58. చివరి రెండూ చూడండి, అవే అక్షరాలు, అవే నాలుగు బంధాలు, వరస మారేసరికి బలం మారింది. మొదటి ముక్కలో ఏడు మెట్ల జోడులను కూడితే −8.44 వస్తుంది, రెండో దానిలో −10.30. రెండు పేటలు కలుసుకోవడానికి అయ్యే మొదటి ఖర్చు రెండిటికీ సమానం, 1.96. అది పోగా −6.48, −8.34. తేడా 1.86. వినడానికి చిన్నదే. కానీ పేటలు కలిసి ఉండే మొగ్గును చూస్తే, ఆ తేడా వల్ల రెండో ముక్క మొదటిదానికన్నా సుమారు ఇరవై రెట్లు గట్టిది.

ఆ బలహీనమైన `TA` మెట్టును జీవకణమూ వాడుకుంటుంది. ఇ. కోలైలో జన్యువును చదవడం మొదలుపెట్టే చోటుకు కాస్త ముందు `TATAAT` లాంటి వరస ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ తాడును విప్పడం మొదలుపెట్టేది అక్కడి నుంచే.

సరళరేఖ సూత్రానికి హద్దులు కూడా ఇక్కడే తెలుస్తాయి. అది వేల జంటల పొడవున్న డీఎన్ఏకు సరిపోతుంది, ఎందుకంటే అంత పొడవులో రకరకాల వరసలు కలిసి సగటు అయిపోతాయి. ఇరవై అక్షరాల ప్రైమర్‌కు దాన్ని వాడితే మోసపోతాం. ఉప్పు మోతాదు మారినా అంతే. రెండు వెన్నుల్లోని ఫాస్ఫేటుల రుణావేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, సోడియం అయాన్లు ఆ తోపును కప్పిపెడతాయి. ఉప్పు పదో వంతుకు తగ్గితే కరిగే ఉష్ణోగ్రత సుమారు 16 డిగ్రీలు పడిపోతుంది. డీఎన్ఏను ఉప్పులేని నీళ్లలో కలిపి దాచితే, మరీ ముఖ్యంగా చిన్న ముక్కలను, పేటలు గది వేడికే విడిపోవచ్చు. దీన్ని పట్టుకునే దారి ఉంది. 260 దగ్గర రీడింగు తీసుకోండి, ఉప్పు కలిపి కాసేపాగి మళ్లీ తీసుకోండి. కలిపిన ద్రావణం వల్ల పలచబడిన లెక్క తీసేశాక కూడా రీడింగు తగ్గితే, మీ దగ్గర ఇంతసేపూ ఉన్నది విడి పేటలే.

ఇదంతా విన్నాక, మరిగే నీటిలో బతికే జీవుల డీఎన్ఏ నిండా గ్వానిన్–సైటోసిన్ ఉండాలని అనిపిస్తుంది. పైరోకాకస్ ఫ్యూరియోసస్ అనే సూక్ష్మజీవి 100 డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతుంది. దాని డీఎన్ఏలో ఆ వాటా సుమారు 41 శాతమే, దాదాపు మనిషికున్నంత. సూత్రం ప్రకారం అది 86 డిగ్రీలకే విడిపోవాలి. విడిపోదు. దాని కణంలో ఉప్పు ఎక్కువ. తాడు రెండు కొనలూ కలిసిపోయిన వలయం కనుక పేటలు తిరిగి విప్పుకోవడానికి సందు దొరకదు. దానికి తోడు రివర్స్ గైరేజ్ అనే ఎంజైము తాడుకు పురి ఇంకా బిగిస్తూ ఉంటుంది.