నీళ్ల గొట్టంలోనూ క్షయ కనబడితే

కఫంలో క్షయ బ్యాక్టీరియా ఉందా అని పీసీఆర్‌లో వెతికేవి ప్రైమర్లు. సుమారు 20 అక్షరాల ఈ డీఎన్ఏ ముక్కలు క్షయ జాతి బ్యాక్టీరియాలో ఉండే ఐఎస్6110 అనే భాగానికి రెండు కొసలా అతుక్కుంటాయి. 95 డిగ్రీల వేడికి డీఎన్ఏ పోగులు విడిపోతాయి, 60 దగ్గర ప్రైమర్లు అంటుకుంటాయి, 72 దగ్గర ఎంజైము కొత్త పోగు అల్లుతుంది. ఇది ఒక సైకిల్. ప్రతిసారీ రెట్టింపవుతూ, లెక్క ప్రకారం 30 సైకిళ్లకు ఒక్క ప్రతి వంద కోట్లు దాటుతుంది.

చిక్కు ఆ వంద కోట్లతోనే. పని ముగిసిన గొట్టం మూత తీస్తే కంటికి ఆనని తుంపర లేచి పిపెట్ మీదో గ్లౌజు మీదో పడుతుంది. అందులోని కొద్ది ప్రతులు మర్నాటి నమూనాలో చేరినా చాలు, జబ్బు లేని మనిషికి పాజిటివ్ రావచ్చు. అందుకే ప్రతి విడతలో కఫం బదులు శుద్ధమైన నీళ్లు పోసిన గొట్టం ఒకటి పెడతారు. అందులోనూ క్షయ కనబడితే ఆ విడత పాజిటివ్‌లను రోగికి చెప్పనే కూడదు. కొత్త రసాయనాలతో, వేరే గదిలో మళ్లీ చేయాలి.