కొండ గీతే సాక్షి

సంపాదకులు గారికి,

రాబర్ట్ కాపా తీసిన ‘నేలకొరుగుతున్న సైనికుడు’ ఫొటో ఎక్కడిదో ఎలా తేలిందని అడిగారు. 1936లో స్పెయిన్ అంతర్యుద్ధంలో, సెర్రో మురియానో దగ్గర తీశారన్నదే చాలాకాలం ప్రచారం. చిక్కేమిటంటే, ఆ ఫొటోలో గడ్డి వాలూ ఆకాశమూ తప్ప ఆనవాళ్లు దాదాపు లేవు.

అందుకే ప్రొఫెసర్ సుస్పెర్రెగి అదే వరసలోని మిగతా ఫొటోలు తీశారు. వాటిలో సైనికుల వెనక దూరపు కొండల అంచు స్పష్టంగా ఉంది. మనుషులు, పొలాలు మారినా ఆ గీత మారదు. ఆ ఫొటోలను కోర్దోబా ప్రాంతపు ఊళ్లకు పంపారు. ఓ ఉపాధ్యాయుడు తరగతిలో చూపిస్తే, ఒక విద్యార్థి చూడగానే అది ఎస్పెహో, మా ఊరేనన్నాడు. ఆ మాటతో సరిపెట్టకుండా, అక్కడి నుంచి కనిపించే కొండలతో ఫొటోలోని ఎత్తుపల్లాలు పోల్చారు. సరిపోయాయి. ఎస్పెహో సెర్రో మురియానోకు సుమారు 50 కిలోమీటర్ల దూరం.

సెప్టెంబరు మొదట్లో ఎస్పెహో దగ్గర పోరు లేదని చరిత్రకారులు చెప్పడంతో, అది నటింపజేసిన దృశ్యమేనన్న అనుమానం బలపడింది. అయితే కొండ గీత చెప్పేది చోటు మాత్రమే. ఆ సైనికుడు నిజంగా చనిపోయాడా అన్నది దానితో తేలదు. కాబట్టి శీర్షికలో ‘బూటకం’ అని మాత్రం వేయకండి.

ఇట్లు,
మీ విలేకరి