మూడో వారంలో విషమయ్యే మాత్ర

గుండె లయ తప్పి, నాడి నిమిషానికి 140 కొట్టుకుంటున్న అరవై కిలోల మనిషికి రోజూ 0.25 మిల్లీగ్రాముల డిగాక్సిన్ మాత్ర ఒకటి రాశారనుకుందాం. అతని మూత్రపిండాలు బాగున్నాయి. మొదటి మాత్రకు నాడి పెద్దగా నెమ్మదించదు. వారం దాటేసరికి మందు పూర్తిగా పట్టు చిక్కించుకుంటుంది. అదే మాత్రను మూత్రపిండాలు దెబ్బతిన్న మరో మనిషికి ఇస్తే, మొదటి వారం అంతా సవ్యంగానే కనిపిస్తుంది. మూడో వారంలో అన్నం సహించదు, వాంతులవుతాయి, కళ్లకు అన్నీ పచ్చపచ్చగా అగుపిస్తాయి, గుండె కొత్తగా మరో రకంగా లయ తప్పుతుంది. డిగాక్సిన్ జాతి మందులకు మూలమైన ఫాక్స్‌గ్లవ్ మొక్క గురించి ఇంగ్లండ్ వైద్యుడు విలియం విదరింగ్ 1785లో రాసిన పుస్తకంలోనే ఈ వాంతులు, ఈ పసుపు చూపు నమోదై ఉన్నాయి.

ఇద్దరూ మింగింది ఒకే మోతాదు. మరి తేడా ఎక్కడ వచ్చింది?

మొదటి మనిషి సంగతి చూద్దాం. మాత్రలో ఉన్నది 250 మైక్రోగ్రాములు. పేగుల నుంచి ఒంటికి పట్టేది అందులో సుమారు 70 శాతం, అంటే 175. మూత్రపిండాలు బాగున్నవాడిలో డిగాక్సిన్ హాఫ్ లైఫ్ దాదాపు 40 గంటలు. ఒంట్లో ఉన్న మందు సగానికి తగ్గడానికి పట్టే కాలం అది. ఆ లెక్కన ఒక్క రోజులో ఉన్నదాంట్లో మూడో వంతు పోతుంది. ఎంత ఉన్నా సరే, మూడో వంతే. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా కూడికలూ తీసివేతలే.

మొదటి రోజు 175 చేరింది. మర్నాటికి 60 పోయి 115 మిగిలింది. రెండో మాత్రతో 290 అయింది. అందులో మూడో వంతు, అంటే ఈసారి దాదాపు వంద పోయింది. మూడో మాత్రతో 365, నాలుగో దానితో 415. రోజూ లోపలికొచ్చేది మారలేదు, బయటికి పోయేది మాత్రం పెరుగుతూ పోతోంది, ఎందుకంటే ఉన్నది పెరుగుతోంది. మాత్ర పడిన వెంటనే ఒంట్లో 515 ఉన్న నాటికి అందులో మూడో వంతు 175 అవుతుంది. వచ్చేదీ పోయేదీ సమానం. ఇక రోజూ 515 నుంచి 340కి దిగడం, మళ్లీ 515కి ఎక్కడం, సగటున 420 దగ్గర తిరగడం. ఇదే స్టెడీ స్టేట్. మందు స్థాయి గీత గీసినట్టు నిలబడిపోతుందని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. అది నిలబడదు, ఊగుతుంది. ఊగే హద్దులు మాత్రమే మారవు.

అక్కడికి చేరడానికి ఎంత కాలం? ఒక హాఫ్ లైఫ్‌కి సగం దారి, రెండింటికి 75 శాతం, మూడింటికి 87, నాలుగింటికి 94, ఐదింటికి 97. ఐదు నలభైలు రెండొందల గంటలు, అంటే ఎనిమిది రోజుల పైమాట. మోతాదు రెట్టింపు చేస్తే త్వరగా చేరుతుందా అని వైవాలో అడిగితే సగం మంది అవునంటారు. చేరదు. గమ్యం రెట్టింపు ఎత్తుకు వెళ్తుంది, ప్రయాణ కాలం అంతే ఉంటుంది.

నాడి 140 ఉన్నవాణ్ణి ఎనిమిది రోజులు ఆగమనలేం కాబట్టి లోడింగ్ డోస్. స్టెడీ స్టేట్‌లో ఒంట్లో ఉండాల్సిన సరుకును ముందే నింపేస్తాం. ఎంత నింపాలన్నది మందు ఎంత మేర పరుచుకుంటుందన్న దాన్ని బట్టి ఉంటుంది. డిగాక్సిన్ రక్తంలో ఉండే రకం కాదు, గుండె కండరంలోకీ ఒంటి కండరాల్లోకీ చేరి అక్కడ అతుక్కుంటుంది. అందుకే లెక్కలో దాని పరిధి కిలోకు 7 లీటర్లు, మన మనిషికి 420 లీటర్లు. మనిషిలో అన్ని లీటర్లెక్కడివి అని ఆశ్చర్యపోనక్కర్లేదు, అది లెక్క కోసం ఊహించిన పాత్ర. రక్తంలో లీటరుకు 1 మైక్రోగ్రాము, అంటే ల్యాబ్ రిపోర్టు భాషలో మిల్లీలీటరుకు 1 నానోగ్రాము కావాలంటే ఒంట్లో 420 ఉండాలి. మాత్రలో 70 శాతమే పడుతుంది కాబట్టి నోటిద్వారా 600 మైక్రోగ్రాములు, అంటే రెండున్నర మాత్రలు. ఒకేసారి మింగించరు. సుమారు సగం ముందిచ్చి, మిగతాది ఆరేసి గంటల ఎడంతో, నాడీ ఈసీజీ చూసుకుంటూ ఇస్తారు. మందు రక్తం నుంచి కండరంలోకి దిగడానికి ఆ మాత్రం సమయం కావాలి. రక్తపరీక్షకు శాంపిల్ కూడా అందుకే మాత్ర వేసిన ఆరు గంటల తర్వాతే తీయాలి. ముందే తీస్తే అంకె భయపెడుతుంది, గుండెలో ఉన్నదాని గురించి మాత్రం ఏమీ చెప్పదు.

ఇప్పుడు రెండో మనిషి. డిగాక్సిన్‌ను ప్రధానంగా బయటికి పంపేది మూత్రపిండాలే. అవి దెబ్బతిని హాఫ్ లైఫ్ 100 గంటలకు సాగిందనుకుందాం. రోజువారీ విసర్జన రెండున్నర రెట్లు మందగించింది కాబట్టి, రోజూ అదే మాత్ర వేస్తే సగటు స్థాయి 1 దగ్గర కాక 2.5 దగ్గర ఆగుతుంది. 2 దాటితే విషలక్షణాల భయం బాగా పెరుగుతుంది. గుండె బలహీనపడిన రోగుల్లోనైతే ఈ రోజుల్లో 1 లోపే ఉంచుతున్నారు. అయితే 2.5కి చేరడానికి ఐదు వందల గంటలు, దాదాపు మూడు వారాలు పడుతుంది. నాలుగో రోజు పరీక్ష చేస్తే సుమారు 1.2 వస్తుంది, ఏడో రోజు 1.7. నాలుగో రోజు రిపోర్టు చూసి ఫర్వాలేదని ఇంటికి పంపడమే ఇక్కడ జరిగే తప్పు. స్టెడీ స్టేట్ రాకముందు తీసిన అంకె దారిలో ఒక మైలురాయి మాత్రమే.

లోడింగ్ డోస్ ఈ ప్రమాదాన్ని తప్పించదు. మొదటి రోజే స్థాయిని 1కి తెచ్చి, ఆపైన రోజూ పాత మాత్రే వేస్తే, అది 1 నుంచి 2.5కి అదే నెమ్మదితో ఎక్కుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలో లోడింగ్ డోస్ చూసుకుంటుంది, ఎక్కడ నిలవాలో రోజువారీ డోస్ తేలుస్తుంది. మూత్రపిండాల జబ్బులో మందు పరుచుకునే పరిధి కూడా కొంత తగ్గుతుంది కాబట్టి లోడింగ్‌నూ తగ్గిస్తారు. కానీ అసలు కోత పడాల్సింది రోజువారీ మాత్రకే.

మన వార్డుల్లో శనాదివారాలు డిగాక్సిన్ ఆపెయ్యమని చెప్పే పాత అలవాటు ఒకటుంది. మూత్రపిండాలు బాగున్నవాడికి శుక్రవారం మాత్ర తర్వాత సోమవారం దాకా 72 గంటల ఎడం, అప్పటికి ఒంట్లో ఉన్నదాంట్లో మూడో వంతు కూడా మిగలదు. మోతాదు తగ్గించాలనుకుంటే రోజూ వేసే మాత్రనే చిన్నది చేయడం మేలని నాకనిపిస్తుంది. 0.125 మిల్లీగ్రాముల మాత్ర దొరకనే దొరుకుతుంది.

విషలక్షణాలతో వచ్చిన రెండో మనిషికి మాత్ర ఆపగానే సరిపోదు, దిగడం కూడా హాఫ్ లైఫ్ లెక్కనే జరుగుతుంది. 2.5 నుంచి 1.25కి రావడానికే నాలుగు రోజులు దాటుతుంది. ఈలోగా పొటాషియం, ఈసీజీ కనిపెట్టి ఉండాలి. ప్రాణాపాయం ఉంటే డిగాక్సిన్‌ను పట్టి బంధించే యాంటీబాడీ ఇంజెక్షన్ ఇస్తారు. మూత్రపిండాల రోగే కదా, డయాలిసిస్ చేస్తే పోదా అని బంధువులు అడుగుతారు. పోదు. ఒంట్లో వెయ్యి మైక్రోగ్రాముల దాకా మందు ఉన్నా, యంత్రం గుండా తిరిగే ఐదు లీటర్ల రక్తంలో ఉన్నది పదిహేను కూడా కాదు. మిగతాదంతా కండరాల్లో కూర్చుని ఉంది.