చేనేత దుకాణానికి పింటరెస్ట్ దారి

పింటరెస్ట్ 2010లో మొదలైంది. చూడటానికి ఫొటోల ఆల్బమ్‌లా ఉన్నా, జనం దాన్ని ఎక్కువగా వెతకడానికే వాడతారు. పడకగదికి ఏ రంగు నప్పుతుంది, దివాన్ మీద ఎలాంటి కుషన్లు బాగుంటాయి అని వెతికి, నచ్చినవాటిని దాచుకుంటారు. అక్కడ పెట్టే ఒక్కో ఫొటోను పిన్ అంటారు, పిన్‌లను చేర్చి పెట్టుకునే చోటును బోర్డు అంటారు. ప్రతి పిన్‌కూ ఒక వెబ్‌సైట్ లింకు తగిలించవచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన పోస్టు చాలావరకు రెండు మూడు రోజుల్లో మరుగున పడుతుంది. పిన్ అలా కాదు, ఆ మాటతో ఎవరు ఎప్పుడు వెతికినా మళ్లీ పైకి రావచ్చు. చూసినవారు దాన్ని తమ బోర్డులో దాచుకుంటే ఇంకొందరికి చేరుతుంది. అందుకే నెలల కిందట పెట్టిన పిన్ నుంచి కూడా వెబ్‌సైట్‌కు మనుషులు వస్తుంటారు.

ఉదాహరణకు భూదాన్ పోచంపల్లి ఇక్కత్ దుప్పట్లు, కుషన్ కవర్లు, టేబుల్ రన్నర్లు సొంత వెబ్‌సైట్‌లో అమ్మే ఒక చిన్న దుకాణాన్ని తీసుకుందాం. ముందుగా పింటరెస్ట్‌లో బిజినెస్ ఖాతా తెరవాలి, దానికి డబ్బు కట్టనక్కర్లేదు. తర్వాత సెట్టింగ్స్‌లో వెబ్‌సైట్ తమదేనని నిరూపించుకోవాలి. పింటరెస్ట్ ఇచ్చే చిన్న కోడ్‌ను వెబ్‌సైట్ చూసుకునేవారు సైట్‌లో చేరిస్తే ఆ పని అయిపోతుంది. ఆ తర్వాత వేరేవాళ్లు ఆ సైట్ నుంచి ఫొటో తీసి పిన్ చేసినా దాని లెక్క దుకాణదారుకు కనిపిస్తుంది.

బోర్డుకు పేరు పెట్టడం

చాలామంది దుకాణంలో అరలు సర్దినట్టే బోర్డులు సర్దుతారు. ‘మా దుప్పట్లు’, ‘కొత్త స్టాక్’, ‘ఆఫర్లు’ అని పేర్లు పెడతారు. ఆ మాటలతో వెతికేవారు ఎవరూ ఉండరు. కొనేవారి మనసులో ఉండేది తమ గది, అందులోని రంగు, రాబోయే పండగ. కాబట్టి బోర్డు పేరు వారు టైపు చేసే మాటే కావాలి. వెతుకులాట ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే సాగుతుంది కనుక పోచంపల్లి దుకాణానికి "Ikat Bedroom Ideas", "Blue and White Living Room", "Handloom Table Linen", "Diwali Home Decor" లాంటి పేర్లు పనికొస్తాయి. పింటరెస్ట్ వెతుకు పెట్టెలో ikat అని కొట్టి ఆగితే, దాని పక్కన జనం చేర్చే మాటలు కింద వరుసగా కనిపిస్తాయి. పేర్లకు అంతకన్నా మంచి ఆధారం లేదు.

మొదట నాలుగైదు బోర్డులు చాలు. ఒక్కో బోర్డు వివరణలో అందులో ఏముందో రెండు మూడు మామూలు వాక్యాల్లో రాయాలి. ఇతరుల అందమైన ఫొటోలతో బోర్డు నింపితే నిండుగా కనిపిస్తుంది గానీ, వాటిని నొక్కినవారు ఆ ఇతరుల వెబ్‌సైట్లకే వెళ్తారు. వాళ్ల ఫొటోను దించుకుని సొంత లింకు తగిలిస్తే కాపీరైట్ తగాదా వస్తుంది. అందువల్ల బోర్డులో ఎక్కువ భాగం సొంత ఫొటోలే ఉండాలి.

ఒక వస్తువు, నాలుగు పిన్‌లు

నీలిరంగు ఇక్కత్ కుషన్ కవర్, 16 అంగుళాలది, ఒకటి ఉందనుకుందాం. తెల్లటి నేపథ్యంలో తీసిన ఒక్క ఫొటోతో సరిపెడితే దానికి ఒకే దారి తెరుచుకుంటుంది. అదే కవర్‌ను సోఫా మీద పెట్టి తీసిన ఫొటో "Blue and White Living Room" బోర్డులోకి వెళ్తుంది. 16, 20 అంగుళాల కవర్లను మంచం మీద పక్కపక్కన పెట్టి కొలత తెలిసేలా తీసినది "Ikat Bedroom Ideas"లోకి వెళ్తుంది. పండగకు దీపాలు, పూలతో సర్దిన గదిలోది "Diwali Home Decor"కు చేరుతుంది. నూలుకు ముందే ముడులు కట్టి రంగు అద్దడం వల్ల ఇక్కత్ డిజైను అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి. ఆ అంచును దగ్గరగా చూపే ఫొటో నాలుగోది. దాన్ని, ఇక్కత్ నేత ఎలా సాగుతుందో చెప్పే పేజీకి లింకు చేయాలి. అచ్చు వేసిన నకిలీకీ అసలు నేతకూ తేడా తెలుసుకోవాలనుకునేవారు ఆ పేజీకి వస్తారు.

ఫొటో నిలువుగా ఉండాలి. పింటరెస్ట్ సూచించే కొలత 1000 x 1500 పిక్సెళ్లు. అడ్డంగా ఉన్న ఫొటో ఫోన్ తెరపై చిన్నదై పక్కవాటి మధ్య ఆనదు. పగటి వెలుతురులో తీయడం మంచిది. ఫొటోలోని నీలం, చేతికందిన నీలం వేరైతే సరుకు తిరిగి వస్తుంది. శీర్షికలో వస్తువు, రంగు, వాడే చోటు మొదట్లోనే రావాలి, ఎందుకంటే పొడవైన శీర్షిక చివర తెరపై కనిపించకపోవచ్చు.

అమ్ముడైపోతే ఏం చేయాలి

చేనేతకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఇదే. ఒక డిజైనులో మగ్గం నుంచి నాలుగైదు దుప్పట్లే వచ్చి ఉంటాయి. అవి అమ్ముడవగానే దుకాణదారు ఆ పేజీని తీసేస్తాడు. కానీ పిన్ బతికే ఉంటుంది. ఆరు నెలల తర్వాత దాన్ని నొక్కినవారికి ‘పేజీ లేదు’ అన్న మాట ఎదురై, వెంటనే వెళ్లిపోతారు. అలాంటి పిన్‌లు పోగైతే వచ్చినవారంతా వృథా.

ఒక్కటే ఉన్న వస్తువు పిన్‌ను మొదటి నుంచీ ‘నీలం ఇక్కత్ దుప్పట్లు’ లాంటి సముదాయం పేజీకి లింకు చేస్తే ఈ చిక్కు రాదు. వస్తువు పోయినా పేజీ ఉంటుంది, దాని సాటివి అక్కడ కనిపిస్తాయి. వస్తువు పేజీకే లింకు చేసి ఉంటే, సరుకు అయిపోయాక దాన్ని తీసేయకుండా ‘అమ్ముడైంది’ అని రాసి, దగ్గరి డిజైన్లను కింద చూపాలి. పాత చిరునామాను కొత్త పేజీకి మళ్లించినా సరే. మళ్లీ మళ్లీ నేయించే వస్తువులకు మాత్రం సొంత పేజీ లింకే మేలు.

ఎప్పుడు పెట్టాలి, ఏం చూడాలి

ఒకే రోజు యాభై పిన్‌లు పెట్టి నెలంతా ఊరుకునే కన్నా, వారానికి అయిదారు చొప్పున పెట్టడం నయం. పిన్‌లను ముందే తయారుచేసి తేదీలు నిర్ణయించుకునే వీలు పింటరెస్ట్‌లోనే ఉంది. జనం పండగకు చాలా ముందే వెతకడం మొదలుపెడతారు, పిన్ వ్యాపించడానికీ సమయం పడుతుంది. దీపావళి పిన్‌లు రెండు నెలల ముందే, అంటే ఆగస్టు, సెప్టెంబరుల్లోనే పెట్టాలి. అమెరికాకు సరుకు పంపేవారైతే క్రిస్మస్ పిన్‌లను అక్టోబరు నాటికి పెట్టాలి.

లెక్కలు చూసేటప్పుడు "Impressions" దగ్గర ఆగిపోకూడదు. పిన్ ఎన్నిసార్లు తెరపైకి వచ్చిందో మాత్రమే అది చెబుతుంది. వెబ్‌సైట్‌కు ఎన్నిసార్లు వెళ్లారో చెప్పేది "Outbound clicks". ఒక పిన్ 8,000 సార్లు కనిపించి నలుగురిని, మరొకటి 1,500 సార్లు కనిపించి ముప్పైమందిని పంపిందనుకుంటే, రెండోదాని తరహాలోనే కొత్త ఫొటోలు తీయాలి. "Saves" ఎక్కువగా ఉండి క్లిక్‌లు లేకపోతే ఫొటో నచ్చింది గానీ, అది అమ్మే వస్తువని తెలియలేదని అనుకోవచ్చు. శీర్షికలో కొలత, నూలు రకం చేర్చి చూడాలి. క్లిక్‌లు బాగా ఉండి వచ్చినవారు క్షణాల్లో వెళ్లిపోతుంటే తప్పు పేజీలో ఉంటుంది. పిన్‌లో చూపిన రంగు అక్కడ లేకపోవడమో, ఫోన్‌లో పేజీ నెమ్మదిగా తెరుచుకోవడమో కారణం కావచ్చు.

మొదటి రెండు మూడు నెలలు ఈ అంకెలు చిన్నవిగానే ఉంటాయి. ఆ తర్వాత కూడా ఒక బోర్డు నుంచి క్లిక్‌లు రాకపోతే, దాని పేరును వెతుకు పెట్టెలో కొట్టి చూడాలి. వచ్చే ఫొటోలు దుకాణం సరుకుకు పొంతన లేనివైతే ఆ పేరు మార్చాలి.