ఎనిమిది ఫ్రేములు ఆగితే సుత్తికి బరువొస్తుంది

వీడియో గేమ్‌లో రాక్షసుడి నెత్తిన సుత్తితో మోదినప్పుడు ఆడేవాడి వేలికి తగిలేది ఒక ప్లాస్టిక్ బటన్ మాత్రమే. నిజం సుత్తితో నిజం రాయిని కొడితే పిడి అదురుతుంది, భుజం దాకా జిల్లుమంటుంది, అంత వేగంతో దిగిన సుత్తి ఒక్కసారిగా ఆగిపోతుంది. గేమ్‌లో ఇవేవీ లేవు. చిన్న గుద్దుకూ సుత్తి దెబ్బకూ బటన్ ఒకే మెత్తదనంతో లోపలికి దిగుతుంది. కాబట్టి బరువును చేతికి కాదు, కంటికి చెప్పాలి.

కొత్తగా గేమ్‌లు చేసేవాళ్లకు మొదట తట్టే ఉపాయం శత్రువును దూరంగా ఎగరగొట్టడం. రెండు మీటర్ల బదులు పది మీటర్లు పోతే దెబ్బ పెద్దదిగా కనబడుతుందనుకుంటారు. జరిగేది తలకిందులు. ఎంత దూరం ఎగిరితే ఆ శత్రువు అంత తేలికవాడిలా కనిపిస్తాడు, సుత్తి బరువు మాత్రం పెరగదు. పైగా ఎగిరినవాడు గోడలోకి దూరడమో, అడ్డొచ్చిన పెట్టెలను చెల్లాచెదురు చేయడమో మొదలవుతుంది.

అసలు చిక్కు వేగంలో ఉంది. గేమ్ సెకనుకు 60 ఫ్రేములు చూపిస్తుందనుకుందాం. ఒక్కో ఫ్రేము సుమారు 17 మిల్లీసెకన్లు. సుత్తి తిప్పడం మొత్తం అర సెకనులో అయిపోతే, అది శత్రువును తాకుతూ కనిపించేది రెండు ఫ్రేములు. ఆ రెప్పపాటులో తాకిందో, పక్క నుంచి జారిపోయిందో కన్ను పట్టుకోలేదు. అందుకే తాకిన ఫ్రేము దగ్గర కొట్టినవాడినీ తిన్నవాడినీ ఇద్దరినీ కాసేపు కదలకుండా ఆపేస్తారు. దీన్నే హిట్ స్టాప్ అంటారు. చిన్న గుద్దుకు మూడు నాలుగు ఫ్రేములు, సుత్తికి ఎనిమిది నుంచి పది దాకా. ఎనిమిది ఫ్రేములంటే 133 మిల్లీసెకన్లు. ఆడేవాడికి బొమ్మ ఆగిందన్న స్పృహ కలగదు, గట్టిగా తగిలిందని మాత్రమే అనిపిస్తుంది. అదే మామూలు దెబ్బకు ఇరవై ఫ్రేములు ఆపి చూడండి, గేమ్ హ్యాంగ్ అయిందేమోనని అనుమానపడతాడు.

ఇది పాత విద్యే. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2లో దెబ్బ తగిలినప్పుడల్లా ఇద్దరూ క్షణం బిగుసుకుపోతారు. సూపర్ స్మాష్ బ్రదర్స్ దర్శకుడు మసాహిరో సకురాయ్ దీని గురించి తన వీడియోల్లో ప్రత్యేకంగా వివరించాడు. ఆయన గేమ్‌లో దెబ్బ బలాన్ని బట్టి ఆగే సమయం పెరుగుతుంది. కరెంటు మెరిసే దెబ్బలకైతే ఇంకాస్త ఎక్కువ. ఆగిన ఆ సమయంలో తిన్నవాడి బొమ్మ అదురుతూ ఉంటుంది, కొట్టినవాడు నిశ్చలంగా ఉంటాడు. బలం ఎటు నుంచి ఎటు పోయిందో ఆ తేడాతోనే తెలిసిపోతుంది. మన సినిమా ఫైట్లలో హీరో పిడికిలి రౌడీ దవడను తాకగానే బొమ్మ నెమ్మదించి, ఆ తర్వాత రౌడీ విసురుగా వెళ్లి పడటం చూసినవాళ్లకు ఈ లెక్క కొత్తేమీ కాదు. సినిమాలో అయితే ఎడిటర్ ముక్క సాగదీస్తే పని అయిపోతుంది. గేమ్‌లో వెనక ఫిజిక్స్ ఇంజిన్ ఒకటి నడుస్తూ ఉంటుంది. ఎవరు ఎంత వేగంతో పోతున్నారు, ఎవరు ఎవరిని తాకారు అని అది విడవకుండా లెక్క కడుతుంది. ఆ లెక్క చెడకుండా ఆపడంలోనే ఉంది పనితనం.

యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌లో ఒక ఉదాహరణ తీసుకుందాం. కథానాయకుడి చేతిలో సుత్తి. 80 కిలోల పిశాచం ఒకటి సెకనుకు 5 మీటర్ల వేగంతో అతని మీదికి దూకుతోంది. అందరూ మొదట రాసేది ఇలా ఉంటుంది:

```csharp
IEnumerator Stop(float sec) {
    float old = Time.timeScale;
    Time.timeScale = 0f;
    yield return new WaitForSecondsRealtime(sec);
    Time.timeScale = old;
}
```

`Time.timeScale` అంటే గేమ్ మొత్తానికి గడియారం. దాన్ని సున్నా చేస్తే లోకమంతా ఆగుతుంది. ఒక శత్రువు, ఒక దెబ్బ ఉన్న చిన్న గేమ్‌లో ఇది బాగానే పనిచేస్తుంది, దీన్ని తప్పుపట్టను. ఇబ్బంది ఒకే ఊపులో ఇద్దరు పిశాచాలకు తగిలినప్పుడు వస్తుంది. మొదటి దెబ్బ గడియారాన్ని సున్నా చేసింది. అది ఆగి ఉండగానే రెండో దెబ్బ వచ్చి, పాత విలువ ఎంతో చూసి, సున్నా అని గుర్తుపెట్టుకుంది. మొదటిది తన సమయం అయ్యాక గడియారాన్ని 1కి తెచ్చింది. ఆ వెంటనే రెండోది తాను గుర్తుపెట్టుకున్న సున్నాను తిరిగి పెట్టింది. ఇక గేమ్ కదలదు. దీన్ని గుర్తుపట్టడం సులువు. బొమ్మ బిగుసుకుపోయి ఉంటుంది, పాట మాత్రం హాయిగా మోగుతూ ఉంటుంది, ఎందుకంటే యూనిటీలో శబ్దం ఈ గడియారాన్ని పట్టించుకోదు.

పూర్తిగా ఆపకుండా 0.05కి నెమ్మదింపజేద్దామనుకునేవాళ్లకు వేరే చిక్కు. మనం మార్చకపోతే యూనిటీ ఫిజిక్స్ లెక్క ప్రతి 0.02 సెకన్లకు ఒకసారి నడుస్తుంది. కానీ అది గేమ్ గడియారపు 0.02. గడియారం ఇరవై రెట్లు నెమ్మదిస్తే నిజ సమయంలో ఒక లెక్కకూ ఇంకో లెక్కకూ మధ్య 0.4 సెకన్లు పడుతుంది. మనం ఆపేదే 0.133 సెకన్లు. ఆ లోపు ఒక్క లెక్క కూడా జరగకపోవచ్చు. నెమ్మదిగా సాగాల్సిన బొమ్మ ఆగిపోయి, తర్వాత ఎగిరిపడ్డట్టు కనిపిస్తుంది. ఇది చూసి `Time.fixedDeltaTime`ను 0.001కి తగ్గించి, తిరిగి పెంచడం మరిచిపోయేవాళ్లున్నారు. అప్పుడు దెబ్బ అయిపోయాక కూడా ఇంజిన్ సెకనుకు వెయ్యిసార్లు లెక్క కడుతూ ఆయాసపడుతుంది.

అందుకే కాస్త పెద్ద గేమ్‌లో లోకాన్ని వదిలేసి, ఆ ఇద్దరినే ఆపడం మేలు. దూరంగా దొర్లుతున్న పెట్టె దొర్లుతూనే ఉంటుంది, ఇంకొకడు వేసిన బాణం వస్తూనే ఉంటుంది. ఆపేటప్పుడు చేయాల్సింది ఇంతే:

```csharp
void Enter(int steps) {
    if (left == 0) {
        saved = body.linearVelocity;
        body.isKinematic = true;
        anim.speed = 0f;
    }
    left = Mathf.Max(left, steps);
}
```

`isKinematic` పెడితే ఆ శరీరం ఫిజిక్స్ బలాలకు లొంగదు, గురుత్వాకర్షణ కూడా దాన్ని లాగదు. అయితే అప్పటిదాకా ఉన్న వేగం పోతుంది, అందుకే ముందే `saved`లో దాచుకోవాలి. పాత యూనిటీలో `linearVelocity` పేరు `velocity` అని ఉంటుంది. `left` అనేది ఇంకా ఎన్ని ఫిజిక్స్ అడుగులు ఆగాలో చెప్పే అంకె. `FixedUpdate`లో ఒక్కో అడుగుకూ ఒకటి తగ్గించుకుంటూ రావాలి. ఏడు అడుగులంటే 140 మిల్లీసెకన్లు, మన ఎనిమిది ఫ్రేములకు దగ్గరే. ఆగి ఉండగా మరో దెబ్బ పడితే పాత అంకె, కొత్త అంకెలో పెద్దది నిలుస్తుంది. కలపకూడదు. కలిపితే అయిదుగురి మధ్య సుత్తి తిప్పిన కథానాయకుడు అర సెకను పైనే కొయ్యబారిపోతాడు.

ఇప్పుడు పిశాచాన్ని వెనక్కి నెట్టే బలం సంగతి. దీన్ని తాకిన క్షణంలోనే ఇచ్చేస్తే పని చేయదు, ఎందుకంటే ఆగి ఉన్న శరీరం బలాలను తీసుకోదు. నెట్టుడు మాయమైపోతుంది, పిశాచం ఉన్నచోటే చతికిలబడుతుంది. బలాన్ని ఒక పక్కన రాసిపెట్టుకుని, `left` సున్నా అయి శరీరం మళ్లీ ఫిజిక్స్ చేతికి వచ్చాక ఇవ్వాలి. కథానాయకుడికైతే దాచిన వేగం అలాగే తిరిగి ఇచ్చేస్తే చాలు, అతను ఎగిరి కొడుతూ ఉంటే ఎగురుతూనే కిందికి దిగుతాడు.

మరి పిశాచానికి ఎంత ఇవ్వాలి? దాన్ని సెకనుకు 6 మీటర్ల వేగంతో వెనక్కి పంపాలనుకుంటే 80ని 6తో గుణించి 480 న్యూటన్ సెకన్ల ఇంపల్స్ ఇస్తారు. కానీ అది 5 మీటర్ల వేగంతో ముందుకు దూకుతూ ఉంది. దాచిన వేగాన్ని తిరిగి ఇచ్చి ఆపైన 480 కలిపితే మిగిలేది వెనక్కి 1 మీటరే. లెక్క తప్పులేదు, అయినా ఆడేవాడికి సుత్తి దూదిలా అనిపిస్తుంది. అందుకే దాని పాత వేగాన్ని సున్నా చేసి ఇంపల్స్ ఇస్తారు. ఇందులో ఫిజిక్స్‌ను మోసం చేసిందేమీ లేదు. దూకుడును ఆపడానికి 400, వెనక్కి నెట్టడానికి 480, మొత్తం 880 ఆ సుత్తి ఇచ్చిందని అర్థం, అంతే.

ఆగిన సమయంలో పిశాచం అదరాలి కదా. ఇక్కడే చాలామంది జారిపోతారు. అదరాల్సింది కంటికి కనిపించే బొమ్మ మాత్రమే. దాన్ని చుట్టుకుని ఉండే కొలైడర్, అంటే ఇంజిన్ గుద్దుకోవడాలను పసిగట్టే అదృశ్యమైన ఆకారం, కదలకూడదు. బొమ్మను విడిగా లోపలి వస్తువుగా పెట్టి, దాన్నే ప్రతి ఫ్రేమూ కుడికీ ఎడమకూ నాలుగైదు సెంటీమీటర్లు జరిపి, చివరికి సున్నాకు తేవాలి. శరీరం మొత్తాన్ని జరిపితే, గోడకు ఆనుకుని ఉన్న పిశాచం కొలైడర్ గోడలోకి దిగుతుంది. విడుదల కాగానే ఇంజిన్ దాన్ని బయటికి తోస్తుంది, మనం ఇచ్చిన బలానికి ఈ తోపు కూడా తోడవుతుంది. గోడ పక్కన కొట్టిన శత్రువు మాత్రమే రాకెట్‌లా లేచిపోతుంటే కారణం దాదాపు ఇదే.

స్క్రీన్ షేక్‌కూ ఇదే సూత్రం. కథానాయకుడిని వెంబడించే కెమెరా స్థానం ఒకటి, దాని మీద అదురు ఇంకొకటి. ఈ రెండింటినీ వేరు వేరు వస్తువుల్లో ఉంచాలి. అదురును ప్రతి ఫ్రేమూ సున్నా నుంచి కొత్తగా లెక్కించాలి. నిన్నటి విలువ మీద ఇవాళ్టిది కలుపుతూ పోతే నాలుగు దెబ్బల తర్వాత కెమెరా పక్కకు జరిగి అక్కడే ఉండిపోతుంది. ఎంత అదరాలన్నదానికి స్క్విరెల్ ఐసర్లో 2016 జీడీసీ ప్రసంగంలో చెప్పిన పద్ధతి నాకు నచ్చుతుంది. కెమెరాకు ట్రామా అనే అంకె ఒకటి, 0 నుంచి 1 దాకా. ప్రతి దెబ్బా దాన్ని కొంత పెంచుతుంది, కాలంతోపాటు అది తగ్గుతుంది. అదురు మాత్రం ఆ అంకె వర్గానికి తగ్గట్టు ఉంటుంది. ట్రామా 0.3 ఉంటే అదురు 0.09, దాదాపు కనిపించదు. 0.9కి చేరితే 0.81. చిన్న దెబ్బలు మర్యాదగా ఉంటాయి, వరుసగా పడిన పెద్ద దెబ్బలు తెరను ఊపేస్తాయి. త్రీడీ గేమ్‌లో కెమెరాను పక్కకు జరపడం కన్నా ఒకటి రెండు డిగ్రీలు తిప్పడం మంచిది, జరిపితే అది గోడలోకి దూరే ప్రమాదం ఉంది.

ఆన్‌లైన్‌లో పదిమంది ఆడే గేమ్‌లో ఈ ఆపుడు పూర్తిగా వాడలేం. నా దెబ్బకు ఇంకొకడి నడక ఆగకూడదు. అక్కడ శరీరాలు సర్వర్ చెప్పినట్టు కదులుతూ ఉంటాయి, కొట్టినవాడి తెర మీద యానిమేషన్ మాత్రం రెండు మూడు ఫ్రేములు నిలుస్తుంది. బరువు తగ్గుతుంది, తప్పదు.

పని సరిగ్గా అయిందో లేదో చూసుకోవడానికి 60 ఫ్రేముల వీడియో తీసి ఒక్కో ఫ్రేమే జరుపుతూ చూడాలి. ఆగిన ఫ్రేములో సుత్తి నెత్తిని తాకుతూ ఉండాలి. అప్పటికే మెడ దాకా దిగిపోయి ఉంటే ఆపడం ఆలస్యమైందని అర్థం. ఫిజిక్స్ అడుగు తెర ఫ్రేముతో కలవక ఇలా జరుగుతుంది, కాబట్టి తాకిన క్షణంలో యానిమేషన్‌ను ముందే ఎంచుకున్న భంగిమకు తెచ్చి ఆపుతారు. ఇంకో పరీక్ష సెట్టింగ్స్‌లో ఉంది. తెర ఊగితే కడుపులో తిప్పేవాళ్లు చాలామందే ఉన్నారు, కాబట్టి స్క్రీన్ షేక్‌ను సున్నా దాకా తగ్గించుకునే వీలు పెట్టి తీరాలి. అలా సున్నా చేసి నాలుగు దెబ్బలు కొట్టి చూడండి. సుత్తి ఒక్కసారిగా తేలికైపోతే అదురు మీదే భారమంతా వేశారన్నమాట. అప్పుడు వెనక్కి వెళ్లి ఆగే ఫ్రేముల లెక్కనూ, ఆగిన భంగిమనూ సరిచూసుకోవాలి.